సభాకంపం ఉన్నవారికి ఎనిమిది ఉత్తరాలు: ఏ వారం ఏ పని

“బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగు సంఘానికి కార్యదర్శిని. నలుగురిలో మాట్లాడాలంటే భయపడే సభ్యులు ముప్పై మంది దాకా ఉన్నారు. సంక్రాంతి వెళ్లాక వారానికొకటి చొప్పున ఎనిమిది ఈమెయిళ్లు పంపి, ఉగాది సభ నాటికి వాళ్లను వేదిక ఎక్కించాలని నా కోరిక. మొదటి వారం వక్తృత్వ ప్రాధాన్యం, తరువాత గొంతు, ఆపైన హావభావాలు, ఇలా రాసుకుంటూ పోయి చివరి వారం ప్రసంగం పెట్టాను. ఈ వరుస సరైనదేనా? ఏ వారం ఏం పంపాలి?”
– ఒక పాఠకురాలు, బెంగళూరు

మీరు ఎంచుకున్న అంశాలలో తప్పు లేదు, మార్చవలసింది వరుస. మాట్లాడే పనిని ఎనిమిదో వారానికి ఉంచితే, భయపడే మనిషికి ఏడు వారాలపాటు ఆ రోజునే తలచుకుంటూ భయాన్ని పెంచుకునే గడువు దొరుకుతుంది. ఆ లోపల అందిన గొంతు పాఠాలు, హావభావాల పాఠాలు ‘ఇన్ని చూసుకోవాలా’ అనే కొత్త దిగులును తెచ్చిపెడతాయి. నేను పదేళ్లకు పైగా ఇదే ఊళ్లో సాయంత్రం తరగతులలో కొత్తవారికి ప్రసంగం నేర్పుతున్నాను. నేను మొట్టమొదట రాసిన ఈమెయిల్ పాఠాలు కూడా దాదాపు మీ వరుసలోనే ఉండేవి. చదివినవారంతా బాగున్నాయనే రాశారు కాని, నాలుగో వారం చివర ‘ఇప్పటివరకు ఎవరి ముందైనా ఒక నిమిషం మాట్లాడారా’ అని అడిగితే అవునన్నవారు ఇద్దరే తేలారు. అప్పటినుంచి ప్రతి ఉత్తరాన్నీ పాఠం చుట్టూ కాక, చేసి చూపే పని చుట్టూ రాస్తున్నాను. అందులో వివరణ పావు వంతు, ఆ వారం చేయవలసిన పని ముప్పావు వంతు ఉంటాయి; చివర నాకు జవాబుగా రాయవలసిన రెండు మూడు వాక్యాలేమిటో చెబుతాను.

ఆ పని ఎటువంటిదై ఉండాలో తేలాలంటే, సభాకంపం ఏళ్ల తరబడి తగ్గకుండా ఎందుకు ఉంటుందో చూడాలి. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు 1995లో దీనికి ఇచ్చిన వివరణ నా తరగతిలో నేను చూసేదానికి చాలా దగ్గరగా ఉంటుంది. భయపడే మనిషి మాట్లాడేటప్పుడు ఎదుటివారిని చూడడు, తనను తాను చూసుకుంటూ ఉంటాడు. గుండె ఎంత కొట్టుకుంటోంది, గొంతు ఎంత వణుకుతోంది అని లోపల తెలిసేదాన్ని బట్టి, బయటికి తాను ఎలా కనిపిస్తున్నాడో ఒక బొమ్మ గీసుకుంటాడు. ఆ బొమ్మ నిజం కంటే చాలా వికారంగా ఉంటుంది. దాన్ని దాచుకోవడానికి కాగితం గట్టిగా పట్టుకోవడం, గబగబా ముగించడం, తల వంచి చదివేయడం వంటి రక్షణలు అలవాటు చేసుకుంటాడు. సభ సవ్యంగా ముగిసినా ‘కాగితం ఉండబట్టి గట్టెక్కాను’ అనుకుంటాడు తప్ప, భయపడినది జరగలేదని గమనించడు. కాబట్టి మీ ఎనిమిది ఉత్తరాలూ అతని మనసులోని జోస్యాన్ని ఒక్కో మెట్టు మీద పరీక్షించే ఏర్పాటుగా ఉండాలి. ఉత్తరంలో శ్రోతలు ఉండరు గనుక, వారిని ఆ మనిషి ఇంటినుంచి, ఆఫీసునుంచి, మీ అపార్ట్‌మెంట్ నుంచి తెచ్చుకునేటట్టు పని అప్పగించాలి.

మొదటి వారం ఉత్తరాన్ని ఇంచుమించు నేను పంపే మాటలలోనే ఇస్తున్నాను:

“ఈ వారం రెండు పనులు. ఒకటి: మీకు భయం కలిగించే పది మాట్లాడే సందర్భాలు రాసి, ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు భయం అంకె వేయండి. పక్కింటివారితో లిఫ్టులో మాట్లాడడం 1 కావచ్చు, ఆఫీసు మీటింగులో ప్రశ్న అడగడం 6 కావచ్చు. రెండు: ఈ ఉదయం ఇంటినుంచి బయలుదేరినప్పటి నుంచి ఏం జరిగిందో ఫోన్ కెమెరా ముందు నిలబడి ఒక్క నిమిషం చెప్పండి. ఒక్కసారే తీయండి. బాగా రాకపోయినా చెరపవద్దు, ఇప్పుడే చూడవద్దు. నాకు పంపనక్కరలేదు. ‘తీశాను’ అని, మీ జాబితాలో 3 అంకె వచ్చిన సందర్భం ఏదో చెప్పి జవాబు రాయండి.”

ఇందులో ‘చెరపవద్దు’ అన్న మాటే ముఖ్యం. చెరిపి మళ్లీ తీయడం మొదలుపెడితే పన్నెండోసారి తీసినదాన్ని కూడా ఒప్పుకోలేక ఆ మనిషి అక్కడే ఆగిపోతాడు. ‘ఇప్పుడే చూడవద్దు’ అనడానికి కారణం రెండో వారం ఉత్తరంలో తెలుస్తుంది.

అందరూ ఒకే భాషలో మాట్లాడాలని నియమం పెట్టకండి. మన ఊళ్లో పుట్టిపెరిగిన తెలుగువారిలో ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతూ, చదవడం రాయడం మాత్రం కన్నడంలోనో ఇంగ్లీషులోనో చేసేవారు ఎందరో ఉన్నారు. వారికోసం ఉత్తరంతోపాటు మీ గొంతుతో చదివిన రెండు నిమిషాల ఆడియో కూడా జతపరచండి. భయం అంకె కూడా భాషను బట్టి మారుతుంది. ఒకే విషయం తెలుగులో చెప్పడానికి 4 వేసినవారు ఇంగ్లీషులో చెప్పడానికి 8 వేస్తారు. జాబితాలో ఆ రెంటినీ వేరువేరు మెట్లుగా రాయించండి, అప్పుడు తెలుగు మెట్టు ముందు వస్తుంది.

రెండో వారం ఆ వీడియోను చూడాలి, కాని చూసే పద్ధతి ఉంది. చూడకముందే కాగితం మీద జోస్యం రాసుకోవాలి: గొంతు ఎంత వణుకుతుంది, ముఖం ఎంత కంగారుగా కనిపిస్తుంది, ఎన్ని సార్లు తడబడతాను, ఒక్కోదానికి 10కి ఎంత. తరువాత కళ్లు మూసుకుని ఆ దృశ్యాన్ని ఊహించుకుని, అప్పుడు వీడియోను తెలియని మనిషిని చూస్తున్నట్టు చూడాలి. తనకు ఆ క్షణంలో ఎలా అనిపించిందో పక్కన పెట్టి, తెరమీద కనిపించేదాన్నే, వినిపించేదాన్నే రాయాలి. ఈ ముందస్తు తయారీతో చూసినవారికి తమ మీద తమకున్న అంచనా ఎక్కువగా మెరుగుపడిందని 2000లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలింది. తయారీ లేకుండా చూస్తే ఆ రోజు పడ్డ కంగారు మళ్లీ ముంచుకొచ్చి, వీడియోలో లేని వణుకు కూడా వినిపిస్తుంది.

ఈ ఉత్తరంలోనే ఒక విషయం చెప్పాలి: మనలోని కంగారు బయటికి కనబడిపోతోందని మనకు అనిపించినంతగా అది నిజానికి కనబడదు. 2003లో కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే పరిశోధకులు ప్రసంగించబోయే విద్యార్థులలో కొందరికి ఈ మాట ముందే చెప్పి చూశారు. చెప్పించుకున్నవారు తమ ప్రసంగాన్ని మెరుగ్గా అంచనా వేసుకోవడమే కాక, విన్నవారు కూడా వారికే ఎక్కువ మార్కులు వేశారు. ఒక్క మాట చెప్పినందుకే ఇంత తేడా రావడం అరుదు, అందుకే దాన్ని ఏ సలహాల మధ్యా కలిపివేయకుండా విడిగా రాయండి.

ఇక్కడినుంచి నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి సంగతి చెబుతూ వెళ్తాను. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేసేది, ఇద్దరు స్నేహితురాళ్లతో పీజీలో ఉండేది. వారానికొకసారి పన్నెండు మంది ముందు ఖర్చుల నివేదికను ఇంగ్లీషులో నాలుగు నిమిషాలు చెప్పాలి. దానికి 9 వేసుకుంది. రెండో వారం ‘గొంతు వణుకు 9, ముఖంలో కంగారు 8’ అని జోస్యం రాసింది. వీడియో చూశాక రాసిన అంకెలు వణుకు 3, కంగారు 4. దానితోపాటు తాను ఊహించని మరో సంగతి కూడా రాసింది: “నేను వణకడం లేదు కాని, ప్రతి వాక్యం చివరి మాట మింగేస్తున్నాను.” అది వాస్తవమైన లోపం, దిద్దుకోగలిగినది. ఊహలో ఉన్న పెద్ద లోపం పోయి, తెరమీద ఉన్న చిన్న లోపం కనబడిందంటే ఆ వారం పని జరిగినట్టే.

మూడో వారం ఒకే ఒక శ్రోత ముందు ఒక నిమిషం. ఆ శ్రోతను ‘బాగుంది’ అనవద్దని ముందే కోరమనండి. విన్న తరువాత ‘నాకు అర్థమైనది ఇది’ అని మాత్రం చెప్పాలి. మెప్పు వస్తే భయస్తుడు దాన్ని మొహమాటం కింద కొట్టివేస్తాడు, తాను చెప్పినది ఎదుటివారి నోట తిరిగి వస్తే మాత్రం కొట్టివేయలేడు. మాట్లాడినవారు మీకు రాయవలసిన జవాబు శ్రోత గురించి ఉండాలి: ఎక్కడ తల ఊపారు, ఎక్కడ చూపు పక్కకు పోయింది, ఏ మాట దగ్గర నవ్వారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఎదుటి మనిషిని చూడక తప్పదు. ‘మీ మీద మీరు దృష్టి పెట్టకండి’ అని పది సార్లు రాసినా కలగని ఫలితం ఈ ఒక్క ప్రశ్నతో కలుగుతుంది.

నాలుగో వారమే ఈ కోర్సుకు ఆయువుపట్టు. ఎవరి రక్షణలేమిటో వారు కనిపెట్టి, వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి అదే మాట అదే శ్రోతలకు చెప్పాలి. మొదటి సారి రక్షణలను మామూలు కంటే ఎక్కువగా వాడమనండి. కాగితం మొత్తం చదవడం, చేతులు కట్టుకోవడం, గబగబా పోవడం అన్నీ చేయాలి. రెండోసారి చేతిలో ఏమీ లేకుండా, శ్రోత కళ్లలోకి చూస్తూ చెప్పాలి. రెండింటికీ ముందూ వెనుకా అంకెలు వేయాలి: నాకు ఎంత భయం వేసింది, నేను ఎంత కంగారుగా కనిపించాననుకుంటున్నాను, శ్రోతకు ఎంత కంగారుగా కనిపించాను.

మన అమ్మాయి జాబితాలో ఉన్న రక్షణలు మూడు: తెరమీది అంకెల వైపు తిరిగి నిలబడడం, నీళ్ల సీసా మూతను తిప్పుతూ ఉండడం, ముందుగా మనసులో ప్రతి ఇంగ్లీషు వాక్యాన్నీ కూర్చుకోవడం. మూడోది బయటికి కనిపించదు గనుక రక్షణ అని తట్టదు, కాని అన్నిటిలోకీ ఎక్కువ హాని చేసేది అదే. మనసు తరువాతి వాక్యం కూర్చుకుంటూ ఉంటే నోట్లో ఉన్న వాక్యం చివర మింగబడుతుంది. పీజీ గదిలో స్నేహితురాళ్లిద్దరి ముందు ఆ వారం నివేదికలోని ఒకే ఒక ఖర్చును, ప్రయాణాల బిల్లు ఎందుకు పెరిగిందన్న దాన్ని, రెండు విధాలా చెప్పింది. రక్షణలతో చెప్పినప్పుడు తన భయం 6, లేకుండా చెప్పినప్పుడు 7. కాని స్నేహితురాళ్లు వేసిన కంగారు అంకె మొదటిదానికి 6, రెండోదానికి 2. పైగా మొదటిసారి బిల్లు పెరిగిన కారణమేమిటో వాళ్లకు తెలియనే లేదు. లోపల భయం ఒక మెట్టు పెరిగినా బయట కంగారు నాలుగు మెట్లు తగ్గడం ఆమె కళ్లారా చూసింది. రక్షణలే తనను కంగారుగా కనబరుస్తున్నాయన్నది నేను ముందే చెప్పి ఉంటే నమ్మేది కాదు.

ఒక్కోసారి రెండు సార్లకూ అంకెల్లో తేడా రాదు. అప్పుడు అసలు రక్షణ ఇంకా దొరకలేదని అర్థం, జవాబు రాసిన వ్యక్తిని ‘మాట్లాడేటప్పుడు మనసులో ఏం చేస్తున్నారు’ అని అడగండి. బట్టీ పట్టినదాన్ని లోపల చదువుకుంటున్నారని దాదాపు ప్రతిసారీ తేలుతుంది.

అయిదో వారం నలుగురి ముందు రెండు నిమిషాలు. మీరు రాసుకున్న సాంకేతిక పాఠాలలో కొంత ఇక్కడ ఇవ్వవచ్చు, కాని రెండు మాటలకు మించవద్దు. ఆందోళన మాట్లాడబోయే ముందూ, మొదలుపెట్టిన తొలి నిమిషంలోనూ శిఖరాన ఉండి తరువాత దిగుతుంది కాబట్టి, మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠతా పట్టి, మిగిలినదానికి మూడు గుర్తు మాటలు ఉంచుకోవాలి. రెండోది, గుండె వేగంగా కొట్టుకుంటుంటే దాన్ని బలవంతాన శాంతపరచే ప్రయత్నం చేయనక్కరలేదు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాలలో, ప్రసంగానికి ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవారి కంటే ‘నేను ఉత్సాహంగా ఉన్నాను’ అని పైకి అన్నవారి ప్రసంగం విన్నవారికి బాగా నచ్చింది. గుండె వేగం ఉత్సాహంలోనూ ఉంటుంది గనుక ఆ మాట నోటికి సులువుగా వస్తుంది.

ఈ వారానికే మీ జాబితాలోంచి కొందరు జారిపోతారు. మన అమ్మాయి కూడా అయిదో వారం జవాబు రాయలేదు. కనుక్కుంటే, ఇద్దరు స్నేహితురాళ్ల తరువాతి మెట్టుగా నేరుగా పన్నెండు మంది మీటింగును పెట్టుకుని, వెళ్లలేక సెలవు పెట్టిందట. ఇటువంటప్పుడు ధైర్యవచనాలు రాయకండి, రెండు మెట్ల మధ్య దూరం కొలవండి. ఆమె జాబితాలో 4 తరువాత 9 ఉంది, మధ్యలో ఏమీ లేదు. అదే మీటింగు గదిలో, ఎవరూ లేని సాయంత్రం, ఒక్క సహోద్యోగిని ముందు, అదే నివేదికను చెప్పడమనే 6 మెట్టును కట్టుకుంది. గది మారలేదు, భాష మారలేదు, మనుషుల సంఖ్య ఒక్కటే తగ్గింది. వరుసగా రెండు వారాలు జవాబు రానివారందరికీ ‘పని పెద్దదైనట్టుంది, సగం చేసి పంపుతున్నాను’ అని ఒక చిన్న ఉత్తరం విడిగా రాయండి. ఇందుకోసం ప్రతి పనికీ సగం పరిమాణం ఏమిటో ముందే సిద్ధం చేసుకోవాలి.

ఆరో వారం మరచిపోవడం గురించి. కొత్తవారి జోస్యాలలో అందరికీ ఉండేది ఇదే: మధ్యలో మాట ఆగిపోతుంది, అంతా అయిపోతుంది. దీన్ని సలహాతో పోగొట్టలేము, కావాలని ఆగమనాలి. రెండు నిమిషాల ప్రసంగంలో ఒక చోట గుర్తు పెట్టుకుని, అక్కడికి రాగానే మనసులో ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టి, ‘నేను చెబుతున్నది ఏమిటంటే’ అని అందుకోవాలి. అయిన తరువాత శ్రోతలను ‘నేను ఎక్కడైనా ఆగానా’ అని అడగాలి. ఆ అయిదు క్షణాలు మాట్లాడేవారికి అయిదు నిమిషాలుగా తోస్తాయి. వినేవారిలో కొందరు గమనించనే గమనించరు, గమనించినవారు ఆలోచించుకుంటున్నారని అనుకుంటారు. ఆమె సహోద్యోగిని అయితే ‘ఆగినచోటే నాకు ఆ అంకె రాసుకోవడానికి వీలు చిక్కింది’ అంది. ఆ జవాబు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఏడో వారం పని సొంత జీవితంలోంచి రావాలి: అపార్ట్‌మెంట్ నెలవారీ సమావేశంలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు మీద ఒక ప్రశ్న అడగడం, ఆఫీసు మీటింగులో ఒక అభిప్రాయం చెప్పడం. మాట పొడుగు ఎంతన్నది ముఖ్యం కాదు, తేదీ, చోటు, మొదటి వాక్యం ముందే రాసి మీకు పంపాలి. రాయనివారు ఆ రోజు తప్పకుండా ‘సమయం దొరకలేదు’ అంటారు. మన అమ్మాయి ఆ వారం తన నివేదికలోని మొదటి ఒక్క నిమిషాన్ని మాత్రం మీటింగులో చెప్పి, మిగిలినది సహోద్యోగిని చేత చెప్పించింది. ముందే అడిగి చేసుకున్న ఏర్పాటు అది, నేను దాన్ని తప్పించుకోవడంగా లెక్కవేయను. ఎనిమిదో వారం పూర్తి నాలుగు నిమిషాలూ తానే చెప్పి, మొదటి వారం జాబితాకు మళ్లీ అంకెలు వేస్తే 9 ఉన్నది 5 అయింది. సున్నా కాలేదు, ఎనిమిది వారాల్లో సున్నా అవుతుందని మీ ఉత్తరాలలో ఎక్కడా రాయకండి. అలా ఆశపెడితే మిగిలిన 5ను ఓటమి కింద లెక్కవేసుకుంటారు.

ఉత్తరాలు పంపడంలో ఒక జాగ్రత్త: ముప్పై మంది చిరునామాలనూ `Bcc` గడిలోనే పెట్టండి. తమకు సభాకంపం ఉందని పక్క బ్లాకువారికి తెలియడం కొందరికి ప్రసంగం కంటే ఎక్కువ బాధ. ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ పంపండి. నేను శనివారం ఉదయం పంపుతాను, ఎందుకంటే పనికి కావలసిన మనుషులు ఆ రెండు రోజులూ ఇంట్లో ఉంటారు. జవాబులకు మీరు రెండు వాక్యాలైనా తిరిగి రాయాలి గనుక, ముప్పై మందికి వారానికి రెండు గంటలు మీ దగ్గర ఉండాలి. లేకపోతే పదిహేను మందితో మొదలుపెట్టండి.

కొందరి జాబితాలో ప్రసంగమే కాక, నలుగురిలో భోంచేయడం, ఫోన్ ఎత్తడం, దుకాణంలో అడగడం కూడా 8, 9 అంకెలతో ఉంటాయి; లేదా ఈ భయంతో ఉద్యోగమో చదువో మానుకున్నామని రాస్తారు. అది ఉత్తరాలతో తీరే పని కాదు. అటువంటివారికి టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరు ఇవ్వండి, అది ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతుంది. మన ఊళ్లోనే ఉన్న నిమ్‌హాన్స్‌లోనూ చూపించుకోవచ్చు. గుండెదడ తగ్గించే మాత్రల గురించి ఎవరైనా అడిగితే, డాక్టరును అడగకుండా వేసుకోవద్దనే చెప్పండి. వాటిలో కొన్ని ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం.

ఇక ఉగాది సభ. మీ హాలు నిండుగా మనుషులు, మైకు, వేదిక, మూడూ ఒక్కసారే కొత్తగా ఎదురైతే అది ఎనిమిదో మెట్టు కాదు, పదిహేనో మెట్టు. అందరికీ ప్రసంగాలు ఇవ్వకండి. ఒక్కొక్కరికి ముప్పై క్షణాల పని ఇవ్వండి. పంచాంగ శ్రవణం చేసే పెద్దాయనను ఒకరు పరిచయం చేయవచ్చు, ఉగాది పచ్చడి ఎక్కడ పంచుతున్నారో ఒకరు ప్రకటించవచ్చు, పిల్లల పాటకు ముందు రెండు వాక్యాలు ఒకరు చెప్పవచ్చు. ముందు రోజు సాయంత్రం హాలు తెరిపించి, మైకు పెట్టించి, ఖాళీ కుర్చీల ముందు ఒక్కొక్కరి చేత వారి రెండు వాక్యాలూ చెప్పించండి. మైకులో తమ గొంతు మొదటిసారి విని ఉలిక్కిపడేవారు ఆ ఉలికిపాటును ముందు రోజే దాటివేయాలి. వేదిక ఎక్కనంటున్నవారిని బలవంతపెట్టకుండా, వారి జాబితాలో 4 ఎక్కడుందో చూసి ఆ పని అప్పగించండి, అది హాలు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారిని పేరు పెట్టి పలకరించడమైనా సరే.